టీబీ కాంటాక్టుల అధ్యయనంలో హారం లెక్క: ఎవరి రోజులు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

టీబీ పేషెంటుతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లలో, అంటే కాంటాక్టుల్లో, ఎంతమందికి ఆ జబ్బు వస్తుంది? ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు శాతంలో చెప్పాలంటే మాత్రం ఒక షరతు ఉంది. అందరినీ ఒకే కాలం పాటు, మధ్యలో ఎవరూ జారిపోకుండా చూసి ఉండాలి. నిజంగా జరిగే అధ్యయనంలో అది కుదరని పని. టీబీ కేసు బయటపడినప్పుడల్లా ఒక కొత్త ఇల్లు అధ్యయనంలోకి వస్తుంది. కాబట్టి 2022 జనవరిలో కొందరు, 2024 జూలైలో ఇంకొందరు చేరతారు. ఒకరు పని కోసం వేరే రాష్ట్రం వెళ్లిపోతారు, ఒకరు ఏదో ప్రమాదంలో చనిపోతారు, కొందరు అధ్యయనం ముగిసేదాకా ఉంటారు. మూడేళ్లు చూసిన మనిషినీ ఆరు నెలలు చూసిన మనిషినీ "ఇద్దరు" అని పక్కపక్కన నిలబెట్టి శాతం తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

అందుకే హారంలో మనుషుల్ని కాకుండా కాలాన్ని పెడతారు. ఒక్కొక్కరు ఎన్ని రోజులు గమనింపులో ఉన్నారో కూడితే వచ్చేది వ్యక్తి-కాలం. ఉపాధి హామీ పథకంలో పనిదినాలు లెక్కగట్టే పద్ధతే ఇది: పదిమంది రెండేసి రోజులు చేసినా, ఇద్దరు పదేసి రోజులు చేసినా ఇరవై పనిదినాలే. కొత్తగా వచ్చిన కేసుల సంఖ్యను ఈ వ్యక్తి-కాలంతో భాగిస్తే ఇన్సిడెన్స్ రేటు వస్తుంది. సాధారణంగా దాన్ని వంద లేదా వెయ్యి వ్యక్తి-సంవత్సరాలకు ఇన్ని కేసులు అని చెబుతారు.

కూడిక, భాగహారం ఎవరైనా చేస్తారు. చిక్కంతా ఒక్కో మనిషి లెక్క ఏ తేదీన మొదలుపెట్టాలి, ఏ తేదీన ఆపాలి అన్న దగ్గరే ఉంది. తప్పులు కూడా దాదాపు అన్నీ అక్కడే జరుగుతాయి. ఈ తేదీలన్నిటినీ తేల్చడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఈ రోజున ఈ మనిషికి టీబీ బయటపడి ఉంటే, దాన్ని మన అధ్యయనం కొత్త కేసుగా లెక్కలో వేసుకునేదా? వేసుకునేదైతే ఆ రోజు హారంలోకి వస్తుంది. వేసుకోనిదైతే రాదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ప్రశ్న నుంచి వచ్చేదే.

ఎనిమిది మంది, ఎనిమిది రకాల తేదీలు

చేత్తో లెక్కవేసి చూడటానికి వీలుగా ఒక చిన్న ఉదాహరణ కల్పించుకుందాం. అధ్యయనం 2022 జనవరి 1న మొదలై 2024 డిసెంబర్ 31న ముగుస్తుంది. ఊపిరితిత్తుల టీబీ తేలిన ప్రతి పేషెంటు ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లందరికీ లక్షణాల గురించి అడిగి, ఎక్స్‌రే తీసి, అవసరమైతే కఫం పరీక్ష చేస్తారు. టీబీ లేదని తేలినవాళ్లు ఆ రోజు నుంచి అధ్యయనంలో ఉన్నట్టు. తర్వాత ఆరు నెలలకోసారి చూస్తారు. మధ్యలో దగ్గో జ్వరమో వస్తే వాళ్లే క్లినిక్‌కి రావచ్చు.

| మనిషి | చేరిన తేదీ | ఆగిన తేదీ | ఎందుకు ఆగింది | రోజులు |
|---|---|---|---|---|
| క | 10-01-2022 | 31-12-2024 | అధ్యయనం ముగిసింది | 1086 |
| గ | 01-03-2022 | 16-11-2022 | టీబీ | 260 |
| చ | 15-06-2022 | 12-09-2023 | ఆ తర్వాత ఆచూకీ లేదు | 454 |
| జ | 01-02-2023 | 08-12-2023 | టీబీ | 310 |
| ట | 03-04-2023 | – | మొదటి పరీక్షలోనే టీబీ | 0 |
| డ | 20-05-2023 | 04-08-2024 | రోడ్డు ప్రమాదంలో మరణం | 442 |
| త | 05-01-2024 | 31-12-2024 | అధ్యయనం ముగిసింది | 361 |
| ప | 01-07-2024 | 31-12-2024 | అధ్యయనం ముగిసింది | 183 |

రోజులన్నీ కూడితే 3096. లీపు సంవత్సరాలు కూడా కలిసొచ్చేలా 365.25తో భాగిస్తే 8.476 వ్యక్తి-సంవత్సరాలు. కొత్త కేసులు రెండు, గ, జ. రేటు 2 ÷ 8.476, అంటే వంద వ్యక్తి-సంవత్సరాలకు 23.6. అంకె ఇంత పెద్దగా రావడానికి కారణం ఉదాహరణ చిన్నది కావడమే. నిజమైన కాంటాక్టుల్లో రేటు ఇలా ఉంటుందని అనుకోవద్దు.

దీన్ని వేరే దారుల్లో వేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. అధ్యయనం మూడేళ్లు నడిచింది, ట పోగా ఏడుగురు ఉన్నారు, కాబట్టి 21 వ్యక్తి-సంవత్సరాలు అనుకుంటే రేటు 9.5కి పడిపోతుంది. 2024 జూలైలో చేరిన ప అనే మనిషికి 2022, 2023 సంవత్సరాలు కూడా రాసిచ్చేసినట్టు. ఆ రెండేళ్లలో ఆ మనిషికి టీబీ వచ్చి ఉంటే మన రికార్డులో ఎక్కడా ఉండేది కాదు. అలాగే ట అనే మనిషిని కూడా కేసుల్లో కలిపితే లవం 3 అవుతుంది, రేటు 35.4కి ఎగబాకుతుంది. ఒకే డేటా నుంచి 9.5, 23.6, 35.4 వచ్చాయి. జబ్బు మారలేదు, తేదీల నియమాలు మారాయి అంతే.

మొదటి రోజు ఏది?

ట విషయంలోనే చాలామంది తడబడతారు. ఆ మనిషికి టీబీ ఉన్నది నిజం, అది ఇంట్లో పేషెంటు నుంచే వచ్చి ఉండొచ్చు కూడా. అయినా కొత్త కేసు కాదు. మనం మొదటిసారి చూసేసరికే జబ్బు ఉంది. జబ్బు లేకుండా మన కళ్లముందు గడిపిన ఒక్క రోజు కూడా ఆ మనిషి ఖాతాలో లేదు. హారంలోకి ఏమీ ఇవ్వని మనిషిని లవంలో పెట్టకూడదు. ఈ కేసుల్ని వదిలేయమని కాదు, "మొదటి పరీక్షలోనే దొరికినవాళ్లు ఎనిమిది మందిలో ఒకరు" అని విడిగా చెప్పాలి. కాంటాక్టుల టీబీ అధ్యయనాల్లో ఇలాంటివాళ్లు గణనీయంగానే ఉంటారు కాబట్టి ఈ రెండిటినీ కలిపేస్తే ఫలితం బాగా వంకరపోతుంది.

ఇక్కడ కాస్త ముడి ఉంది. కఫం ఇచ్చిన రోజునే రిపోర్టు రాదు. ఏప్రిల్ 3న కఫం ఇచ్చి, 12న పాజిటివ్ అని వచ్చిందనుకుందాం. కంప్యూటర్లో తేదీలు మాత్రమే చూసే వ్యక్తికి ఇది తొమ్మిదో రోజున వచ్చిన కొత్త కేసులా కనిపిస్తుంది. నిజానికి అది మొదటి రోజు నాటి జబ్బే. అందుకే జాగ్రత్తగా చేసే అధ్యయనాలు చేరిన తర్వాత ఒక గడువు పెట్టుకుంటాయి. మూడు నెలల్లోపు తేలినవన్నీ అప్పటికే ఉన్న కేసులు అని, అది దాటాక వచ్చినవే కొత్తవి అని. గడువు ఎంతైనా పెట్టుకోవచ్చు గాని ఒక సంగతి మరవకూడదు. మొదటి మూడు నెలల కేసుల్ని లవంలోంచి తీసేస్తే, ఆ మూడు నెలల కాలాన్ని హారంలోంచి కూడా అందరికీ తీసేయాలి. కేసుల్ని మాత్రం తీసి రోజుల్ని ఉంచేస్తే, కేసు రావడానికి వీల్లేని రోజులతో హారం ఉబ్బిపోతుంది. పరిశోధన పత్రాల్లో ఈ తప్పు ఎంత తరచుగా దొర్లుతుందంటే, రేటు చదివే ముందు నేను చూసేది ఆ రోజుల్ని కూడా తీసేశామని చెప్పే వాక్యం కోసమే.

ఆలస్యంగా చేరడం వల్ల ఇంకో సమస్య వస్తుంది. జ వాళ్ల ఇంట్లో పేషెంటుకి టీబీ తేలింది 2022 అక్టోబర్ మొదట్లో అనుకుందాం. మన బృందం ఆ ఇంటికి వెళ్లగలిగింది 2023 ఫిబ్రవరి 1న. జబ్బు సోకే ప్రమాదం అక్టోబర్ నుంచే, ఆ మాటకొస్తే అంతకుముందు నుంచే ఉంది. మరి లెక్క అక్టోబర్ నుంచి మొదలుపెట్టొచ్చా? కుదరదు. ఆ నాలుగు నెలల్లో జకు టీబీ వచ్చి ఉంటే ఫిబ్రవరిలో మనం వెళ్లేసరికి ట లాగే పక్కన పెట్టేసేవాళ్లం. అంటే ఆ నాలుగు నెలలూ కేసు పడే అవకాశం లేని నెలలు. ప్రమాదం ఎప్పుడు మొదలైందన్నది ఒక సంగతి, మన గమనింపు ఎప్పుడు మొదలైందన్నది ఇంకో సంగతి. హారంలోకి వచ్చేది రెండోదే. మొదటిదాన్ని కూడా పారేయక్కర్లేదు. జ అనే మనిషి పేషెంటు బయటపడిన నాలుగో నెలలో మన లెక్కలోకి అడుగుపెట్టారని రాసుకుంటే, కాలాన్ని బట్టి రేటు ఎలా మారుతోందో చూసేటప్పుడు అది పనికొస్తుంది.

చివరి రోజు ఏది?

ఆపే తేదీకి నియమం చెప్పడం తేలిక. టీబీ తేలిన రోజు, చనిపోయిన రోజు, ఆచూకీ పోయిన రోజు, అధ్యయనం ముగిసిన రోజు, ఈ నాలుగింటిలో ఏది ముందొస్తే అది. డ రోడ్డు ప్రమాదంలో పోయారు కాబట్టి 2024 ఆగస్టు 4తో లెక్క ఆగుతుంది. ఆ మనిషి 442 రోజులు టీబీ లేకుండా ఉన్న సంగతి హారంలో నిలుస్తుంది. గకు టీబీ తేలిన రోజుతో లెక్క ఆగింది. ఆ తర్వాత మందులు వాడి నయమై అధ్యయనం ముగిసేదాకా విజిట్లకు వచ్చినా ఆ రోజులు కలపం. మొదటిసారి టీబీ రావడమే మనం కొలుస్తున్నది, అది ఒక మనిషికి ఒకసారే జరుగుతుంది.

గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో ఇదంతా నాలుగు వరుసలు:

```r
d$exit <- pmin(d$tb_date, d$death_date, d$lost_date, d$study_end, na.rm = TRUE)
d$case <- !is.na(d$tb_date) & d$tb_date == d$exit
d$days <- as.numeric(d$exit - d$entry)
100 * sum(d$case) / (sum(d$days) / 365.25)
```

ఇందులో `d` అంటే మొదటి పరీక్షలో టీబీ లేదని తేలిన ఏడుగురి పట్టిక. `lost_date` నిజంగా ఆచూకీ పోయినవాళ్లకే నింపాలి, మిగతావాళ్లకు ఖాళీగా వదలాలి. అందరికీ చివరి విజిట్ తేదీని అందులో పెట్టేస్తే, విజిట్ల మధ్య తనంతట తాను క్లినిక్‌కి వచ్చి టీబీ తేలిన జ లాంటి మనిషి లెక్క ముందటి విజిట్ దగ్గరే ఆగిపోతుంది, కేసు మాయమవుతుంది. కోడ్ ఎర్రర్ ఇవ్వదు, కేసుల సంఖ్య మాత్రం తగ్గుతుంది. అందుకే ఈ వరుసలు నడిపాక కేసుల్ని చేత్తో ఒకసారి సరిచూసుకోవాలి, `days` సున్నా గాని రుణ సంఖ్య గాని ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ తీసి చూడాలి. రుణ సంఖ్య వచ్చిందంటే చేరకముందే ఆగినట్టు. ఎక్కడో రోజూ నెలా తారుమారయి ఉంటాయి.

ఎక్కువ టెన్షన్ పెట్టేది చ లాంటివాళ్లు. 2023 సెప్టెంబర్ 12న విజిట్‌కి వచ్చారు, బాగానే ఉన్నారు. 2024 మార్చిలో వెళ్తే ఇంటికి తాళం. పక్కింటివాళ్లు పనికి వేరే రాష్ట్రం వెళ్లారన్నారు. ఈ మనిషికి టీబీ రానట్టే అనుకుని 2024 డిసెంబర్ దాకా లాగితే 476 రోజులు అదనంగా చేరి రేటు 23.6 నుంచి 20.5కి తగ్గుతుంది. ఒక్క మనిషితోనే ఇంత తేడా. ఆచూకీ లేనివాళ్లందరినీ ఇలా లాగితే, ఫాలో-అప్ ఎంత అధ్వానంగా ఉంటే రేటు అంత తక్కువగా, అంటే జనం అంత క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

చివరిసారి చూసిన రోజుతో ఆపేయడం సురక్షితమైన నియమం. పట్టికలో నేను చేసింది అదే. అయినా అది పూర్తిగా న్యాయమైన నియమం కాదు. చ అక్టోబర్ నెలంతా ఊళ్లోనే ఉండి ఉండొచ్చు. అప్పుడు దగ్గు మొదలైతే జ లాగే క్లినిక్‌కి వచ్చేవారు, మనం కేసుగా రాసుకునేవాళ్లం. అంటే విజిట్ తర్వాత కొన్ని వారాలు కూడా మన గమనింపులోనే గడిచాయి. కేసులైనవాళ్లకు ఆ వారాలు లెక్కలోకి వస్తున్నాయి, కానివాళ్లకు రావడం లేదు. దీనివల్ల రేటు కాస్త పైకి పోతుంది. ఇలా కాలం వెంట గమనించే గుంపుని కోహార్ట్ అంటారు. వెయ్యి మంది కోహార్ట్‌లో 200 మంది ఇలా పోయారనుకోండి. ఒక్కొక్కరు తప్పిపోయిన విజిట్‌కి సగం దారిలో, అంటే సుమారు మూడు నెలల తర్వాత వెళ్లారనుకుంటే 50 వ్యక్తి-సంవత్సరాలు హారంలోంచి జారిపోయినట్టు. అందుకని కొందరు చివరి విజిట్‌కీ తప్పిన విజిట్‌కీ మధ్య తేదీని తీసుకుంటారు. రెండూ సమర్థించదగ్గవే. డేటా చూడకముందే ఏదో ఒకటి నిర్ణయించుకుని, రెండోదానితో కూడా లెక్కవేసి తేడా ఎంతో చెప్పడం మంచిది.

మధ్య తేదీ అవసరం కేసుల విషయంలో కూడా పడుతుంది. లక్షణాలేవీ లేకుండా షెడ్యూల్ ప్రకారం చేసిన ఎక్స్‌రేలోనే టీబీ కనిపిస్తే, జబ్బు ఆ రోజే రాలేదు కదా. జకు 2023 ఆగస్టు 2న ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, 2024 ఫిబ్రవరి 1 విజిట్‌లో తేడా కనిపించి ఉంటే, జబ్బు ఈ మధ్యలో ఎప్పుడో మొదలైంది. సగం తీసుకుంటే నవంబర్ 1 ప్రాంతం. విజిట్ల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఈ అనిశ్చితి పెరుగుతుంది. మన దక్షిణ భారతంలో టీబీ సర్వేలకు పెద్ద చరిత్రే ఉంది: 1950–55 మధ్య మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన అధ్యయనం, ఆ తర్వాత 1961–68 మధ్య బెంగళూరు జాతీయ టీబీ సంస్థ 119 పల్లెల్లో నాలుగు విడతలుగా చేసిన సర్వే. అలా విడతలుగా సర్వే చేసినప్పుడు తెలిసేది ఫలానా రెండు విడతల మధ్య జబ్బు వచ్చిందనే. రెండు విడతల మధ్య టీబీ వచ్చి, తర్వాతి విడతకి ముందే మనిషి చనిపోతే ఆ కేసు అసలు కనిపించదు. మధ్య తేదీ లెక్క దాన్ని సరిచేయలేదు.

బయటి నుంచి వచ్చిన కబురు

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. చకు 2024 జూన్‌లో వేరే రాష్ట్రంలో టీబీ తేలిందని వాళ్ల బంధువు ఒకరు ఫోన్ చేసి చెప్పారు. నమ్మదగిన కబురే, రిపోర్టు ఫోటో కూడా పంపారు. కేసుగా రాసుకోవాలా?

రాసుకోవాలని మనసు లాగుతుంది. నిజంగా టీబీ వచ్చిన మనిషిని వదిలేయడం తప్పనిపిస్తుంది. కానీ వదిలేయాలి. ఎందుకంటే ఆచూకీ పోయిన మిగతావాళ్లలో టీబీ రానివాళ్ల గురించి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. జబ్బు వచ్చినప్పుడే కబురు వస్తుంది. ఆ కబురుతో చ లెక్కని 2024 జూన్ దాకా పొడిగించి కేసుగా కలుపుకుంటూ, మిగతా ఆచూకీ లేనివాళ్లని చివరి విజిట్ దగ్గరే ఆపేస్తే, లవానికి ఒక తలుపూ హారానికి ఇంకో తలుపూ పెట్టినట్టవుతుంది. ఆ కేసు గురించి పత్రంలో ఒక వాక్యం రాయొచ్చు. రేటులోకి మాత్రం రాకూడదు.

అందరికీ ఒకే తలుపు తెరవగలిగితే కథ మారుతుంది. మన దేశంలో టీబీ కేసుల్ని నమోదు చేసే నిక్షయ్ పోర్టల్ 2012 నుంచి ఉంది. కోహార్ట్‌లోని ప్రతి ఒక్కరినీ, ఊళ్లో ఉన్నవాళ్లనీ వెళ్లిపోయినవాళ్లనీ, ఒకే పద్ధతిలో ఆ నమోదులతో పోల్చి చూస్తే, చ జూన్‌లో కేసుగా కనిపిస్తే అది న్యాయంగా లెక్కలోకి వస్తుంది. అప్పుడు ఆచూకీ లేని మిగతావాళ్ల రోజుల్ని కూడా 2024 డిసెంబర్ 31 దాకా కలపాలి, ఎందుకంటే వాళ్లలో ఎవరికి టీబీ తేలి నమోదైనా మనకు తెలిసేది. ఈ పద్ధతి పరిమితి కూడా చెప్పుకోవాలి. ప్రైవేటులో చికిత్స తీసుకుని నమోదు కానివాళ్లు, పేరో వయసో వేరేగా రాయడంతో జత కుదరనివాళ్లు టీబీ లేనివాళ్లుగా హారంలో ఉండిపోతారు, రేటు తక్కువగా వస్తుంది.

తేదీలు ఎంత బాగా పెట్టుకున్నా తీరని ఇబ్బంది ఒకటుంది. చ లెక్కని సెప్టెంబర్ 12న ఆపేసి మిగతావాళ్ల రేటే ఆ తర్వాత చకూ వర్తిస్తుందని మనం లోలోపల అనుకుంటున్నాం. పని దొరికి వెళ్లినవాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లయితే, ఆ ఊహ ఒకవైపు తప్పుతుంది. ఒంట్లో బాగోక పుట్టింటికి వెళ్లినవాళ్లయితే రెండోవైపు తప్పుతుంది. వెళ్లినవాళ్ల వయసు, బరువు, చివరి విజిట్‌లో దగ్గు ఉందా లేదా అన్నవి ఉన్నవాళ్లతో పోల్చి చూడటం తప్ప కూడికలో దీనికి మందు లేదు.

మందు మొదలుపెట్టకముందు రోజులు ఎవరివి?

ఇంతవరకు ఒకే రేటు. అసలు ఆసక్తి సాధారణంగా పోలికలో ఉంటుంది. టీబీ రాకుండా ముందుగా ఇచ్చే నివారణ చికిత్స తీసుకున్నవాళ్లలో రేటు ఎంత, తీసుకోనివాళ్లలో ఎంత? మన దేశంలో ఇది చాలాకాలం ఐదేళ్లలోపు పిల్లలైన కాంటాక్టులకే ఇచ్చేవారు, 2021 మార్గదర్శకాలతో ఊపిరితిత్తుల టీబీ పేషెంటు ఇంట్లోని పెద్దవాళ్లకూ విస్తరించారు. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి ఇస్తారు. చేరిన రోజే అందరికీ మొదలుకాదు. పరీక్షలు కావాలి, మనిషి ఒప్పుకోవాలి, మందు స్టాకు ఉండాలి.

మన పట్టికలో క చేరిన 180 రోజులకు, 2022 జూలై 9న మొదలుపెట్టారనీ, త చేరిన 90 రోజులకు, 2024 ఏప్రిల్ 4న మొదలుపెట్టారనీ అనుకుందాం. మిగతావాళ్లెవరూ తీసుకోలేదు. చాలామంది చేసేది ఏంటంటే, ఎక్సెల్‌లో "చికిత్స: అవును/కాదు" అని ఒక కాలమ్ పెట్టి, క, త ఇద్దరి మొత్తం రోజుల్ని "అవును" కింద కలిపేస్తారు. అప్పుడు చికిత్స కింద 1447 రోజులు, చికిత్స లేనివాళ్ల కింద 1649 రోజులు వస్తాయి. రెండు కేసులూ రెండో గుంపులోనే ఉన్నాయి కాబట్టి అక్కడ రేటు వందకు 44.3.

ఇప్పుడు మొదటి ప్రశ్న మళ్లీ వేయండి. క చేరిన వందో రోజున టీబీ తేలి ఉంటే? అప్పటికి మందు మొదలుకాలేదు కాబట్టి క "చికిత్స లేదు" గుంపులో కేసు అయ్యేవారు. అంటే ఆ రోజు ఆ గుంపుదే. చికిత్స గుంపులోకి చేరాలంటే 180 రోజులు టీబీ లేకుండా గడిపి తీరాలి. కాబట్టి ఆ 180 రోజుల్ని చికిత్స ఖాతాలో వేస్తే కేసు పడటానికే వీల్లేని రోజుల్ని మందుకు బహుమతిగా ఇచ్చినట్టు. ఆ రోజులు చావులేని కాలం లాంటివి కాబట్టి దీన్ని ఇమ్మోర్టల్ టైమ్ బయస్ అంటారు. సరైన పద్ధతి ఒకే మనిషిని రెండు వరుసలుగా విడగొట్టడం: కకు చికిత్సకు ముందు 180 రోజులు, తర్వాత 906. తకు ముందు 90, తర్వాత 271. ఇప్పుడు చికిత్స కింద 1177 రోజులు, చికిత్స లేకుండా 1919 రోజులు, అక్కడ రేటు 38.1. కదిలింది 270 రోజులే అయినా అవి ఒక గుంపులోంచి తీసి రెండో గుంపులో వేసిన రోజులు, అందుకే తప్పు రెండు వైపులా పనిచేస్తుంది. చికిత్స లేనివాళ్ల రేటు ఉన్నదానికంటే ఎక్కువగా, చికిత్స రేటు తక్కువగా కనిపిస్తాయి. మందు ఏమాత్రం పనిచేయకపోయినా పనిచేసినట్టే కనిపిస్తుంది.

ఇది ఊహకందని పొరపాటేమీ కాదు. అమెరికాలో 1968లో స్టాన్‌ఫర్డ్‌లో గుండె మార్పిడి కార్యక్రమం మొదలైన తొలి ఏళ్లలో, మార్పిడి జరిగినవాళ్లు జరగనివాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతున్నారని నివేదికలు వచ్చాయి. దాత దొరికేదాకా బతికినవాళ్లకే మార్పిడి జరిగింది, ఎదురుచూస్తూ చనిపోయినవాళ్లంతా రెండో గుంపులో పడ్డారు. ఎదురుచూసిన రోజుల్ని మార్పిడి ఖాతాలో వేయడం వల్ల ఆ తేడా వచ్చి ఉండొచ్చని 1972లో మిచెల్ గెయిల్ అనే గణాంక శాస్త్రవేత్త ఎత్తిచూపారు.

ఇలా జరిగిందేమోనని పసిగట్టడానికి పత్రంలో రెండు సంగతులు చూస్తే చాలు. చికిత్స గుంపు అని ఎవరిని అన్నారు, ఆ గుంపు లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టారు? గుంపుని నిర్ణయించే సంఘటన లెక్క మొదలైన తర్వాత జరిగేదైతే, ఆ రెండు తేదీల మధ్య రోజులు ఎక్కడికి వెళ్లాయో వెతకాలి.

అన్ని రోజులూ ఒకటి కావు

పనిదినాల పోలిక ఇక్కడ తెగిపోతుంది. పదిమందిని ఏడాదిపాటు చూడటమూ ఒక్కరిని పదేళ్లు చూడటమూ వ్యక్తి-కాలంలో సమానమే. ఏ రోజు చూసినా రేటు ఒకటే అయితే అలా కూడటం తప్పుకాదు. టీబీలో అలా ఉండదు. సోకిన మొదటి రెండేళ్లలో జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ, తర్వాత బాగా తగ్గుతుంది.

మన పట్టికనే చేరిన తర్వాత మొదటి 365 రోజులు, ఆ తర్వాతి రోజులు అని విడగొడితే మొదటి భాగంలో 2209 రోజులు, రెండు కేసులు, రేటు 33.1. రెండో భాగంలో 887 రోజులు, కేసులు సున్నా. 23.6 అన్నది ఈ రెండిటి మిశ్రమం. క అనే ఒక్క మనిషిని ఇంకో ఐదేళ్లు చూస్తే ఆ మిశ్రమం ఇంకా తగ్గుతుంది, ఏ కాంటాక్టుకూ ప్రమాదం తగ్గకుండానే. రెండు ఊళ్లలో జరిగిన రెండు అధ్యయనాల రేట్లు వేరుగా ఉంటే, జబ్బు తేడా అనుకునే ముందు సగటున ఎంతకాలం చూశారో పోల్చాలి. ఆలస్యంగా చేరిన సంగతి కూడా ఇక్కడే పనికొస్తుంది. జ లాంటివాళ్లు పేషెంటు బయటపడిన నాలుగో నెల నుంచే లెక్కలో ఉన్నారు కాబట్టి మొదటి మూడు నాలుగు నెలల రేటు గురించి వాళ్లు ఏమీ చెప్పలేరు. ఇలాంటివాళ్లే ఎక్కువగా ఉన్న కోహార్ట్ ప్రమాదం ఎక్కువగా ఉండే కాలాన్ని చూడకుండానే ముగిసిపోతుంది. అందుకే ఒకే అంకెతో సరిపెట్టకుండా మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడో ఏడాది అని విడివిడిగా రేట్లు ఇవ్వడం మేలు.

ఇక 23.6 మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి? ఇక్కడ రోజుల సంఖ్య కంటే కేసుల సంఖ్యే ముఖ్యం. రెండు కేసులతో పాయిజాన్ పద్ధతిలో 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు రేటు ఉండగల పరిధి, వేస్తే 2.9 నుంచి 85.2 దాకా వస్తుంది. అంటే మన ఎనిమిది మంది పట్టిక లెక్క నేర్చుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నిజమైన కోహార్ట్‌లో కేసులు ఎక్కువ ఉంటాయి, అంతరం సన్నబడుతుంది. అయితే ఆ అంతరం ఒక్కో కేసూ మిగతావాటితో సంబంధం లేకుండా వచ్చిందనే లెక్క మీద నిలబడి ఉంది. కాంటాక్టుల్లో అది నిజం కాదు. ఒకే గదిలో పడుకునే అన్నదమ్ములిద్దరికీ ఒకే పేషెంటు నుంచి సోకవచ్చు, ఒకరికి వచ్చిన ఇంట్లోనే రెండోవారికీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని అంతరం వేసేటప్పుడు మనుషుల్ని ఇంటివారీగా గుంపులు చేసి వేయాలి, అప్పుడు అది సాధారణంగా ఇంకాస్త వెడల్పు అవుతుంది. డేటా ఎంట్రీలో ఇంటి నంబరు కాలమ్ లేకపోతే ఆ పని తర్వాత చేయడం కుదరదు కాబట్టి, చేరిన తేదీ, ఆగిన తేదీ, ఆగిన కారణం పక్కనే దాన్నీ మొదటి రోజే పెట్టుకోవాలి.